స్పష్టంగా మాట్లాడితే వినబడుతుంది

“నాకు బాగానే వినబడుతుందమ్మా. మనుషులు స్పష్టంగా మాట్లాడితే చాలు.” యాభై దాటిన మగవాళ్లను ఇంట్లోవాళ్లు పోరుపెట్టి ఆడియాలజిస్టు దగ్గరకు తీసుకొచ్చినప్పుడు వాళ్ల నోట మొదట వచ్చే మాట తరచూ ఇదే. వెంట వచ్చిన భార్యకు, కూతురికి ఇది మొండితనంలా తోస్తుంది. పరీక్ష చేసే మనిషికి ఇదొక లక్షణం. చెవిలో గులిమి గట్టిపడినవాళ్లు, కర్ణభేరికి చిల్లు పడినవాళ్లు సాధారణంగా “అన్నీ చిన్నగా వినబడుతున్నాయి, గట్టిగా చెప్పండి” అంటారు. “వినబడుతోంది కానీ అర్థం కావడం లేదు, స్పష్టంగా చెప్పండి” అనేవాళ్లలో లోపం చాలావరకు లోపలి చెవిలో ఉంటుంది. అందులోనూ కీచు శబ్దాలను పట్టే భాగంలో. అంటే ఆ మనిషి తన ఇబ్బందిని సరిగ్గానే చెబుతున్నాడు. దాని కారణాన్ని మాత్రం ఎదుటివాళ్ల నోట్లో వెతుకుతున్నాడు.

ఇక్కడ వివరించే సంభాషణ ఏ ఒక్కరిదో కాదు. ఇలాంటి క్లినిక్కుల్లో తరచూ నడిచే మాటలను, తరచూ కనబడే ఫలితాలను ఒక కేసుగా కూర్చినది. వచ్చిన వ్యక్తికి 54 ఏళ్లు. గోదావరి జిల్లాలో ఒక రైస్ మిల్లులో ఇరవై ఆరేళ్లుగా సూపర్‌వైజర్. పక్కన భార్య ఉంది.

అనుభవం ఉన్న ఆడియాలజిస్టు ఇలాంటి వాళ్లను “మీకు వినికిడి తగ్గిందా?” అని అడగదు. అడిగితే వచ్చే జవాబు ముందే తెలుసు. ఆమె వేసే ప్రశ్న వేరు: “ఎవరి మాట మీకు బాగా తెలుస్తుందండీ?”

“మా గుమాస్తా మాట్లాడితే ఒక్క ముక్క పోదు. ఫోనులో మా పెద్దబావ కూడా అంతే. మా అమ్మాయే, నోట్లోనే గొణుక్కుంటుంది. టీవీలో వార్తలు చదివే ఆడపిల్లలైతే ఊపిరి తీసుకోకుండా చదివేస్తారు.”

“వంటింట్లోంచి పిలిస్తే పలకరండీ. పలికినా ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతారు,” అంది భార్య.

“కుళాయి విప్పుకుని, అటు తిరిగి మాట్లాడితే ఎవరికి తెలుస్తుంది?”

ఈ నాలుగు మాటల్లోనే సగం పరీక్ష అయిపోయింది. గుమాస్తాది, బావది బొంగురు గొంతు; ఆ మాటలు తెలుస్తున్నాయి. ఆడవాళ్ల గొంతులో, పిల్లల గొంతులో మాటలు పోతున్నాయి. ఎదురుగా ముఖం కనబడుతున్నప్పుడు పర్వాలేదు. పక్క గదిలోంచి, నీళ్ల చప్పుడు మధ్య కష్టం. ఫోనులో కూతురి మాట మరీ కష్టం కావడానికి ఇంకో కారణం కూడా ఉంది. మామూలు టెలిఫోను లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దాలనే మోసేలా తయారైంది. ఆపైన ఉండే కీచు శబ్దాలను అది ముందే కత్తిరించేస్తుంది. అసలే పైభాగం బలహీనపడిన చెవికి ఆ మిగిలింది చాలదు.

తర్వాత అడిగే కొన్ని ప్రశ్నలు ప్రమాదాన్ని పసిగట్టడానికి. వినికిడి ఒక్కసారిగా పోయిందా? ఒక చెవిలోనే తగ్గిందా? చీము కారుతోందా, కళ్లు తిరుగుతున్నాయా? టీబీకి ఇంజెక్షన్లు తీసుకున్నారా? వీటిలో దేనికైనా అవునంటే ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరు చూడాలి. రెండు మూడు రోజుల్లోనే ఒక చెవి మొద్దుబారితే అది అత్యవసరం. మందు ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. ఒక చెవిలోనే నెమ్మదిగా తగ్గుతూ వస్తే శ్రవణనాడి మీద గడ్డ ఏదైనా ఉందేమో స్కాన్ తీయించాల్సి రావచ్చు. ఈయనకు అలాంటివేమీ లేవు. సాయంత్రం మిల్లు ఆగాక చెవుల్లో కీచుమనే మోత మాత్రం చాలాకాలంగా ఉంది. అది అందరికీ ఉంటుందని ఆయన అనుకున్నాడు.

చెవిలోకి లైటు వేసి చూస్తే కుడి చెవిలో గులిమి కనబడింది. “అదీ సంగతి. అది తీసేస్తే సరిపోతుంది,” అన్నాడాయన సంతోషంగా. తీశారు. కుడి చెవి కాస్త తేలికపడింది కానీ మాటల తేడా రాలేదు. గులిమి దారిని పూర్తిగా మూసేస్తే తప్ప వినికిడిని పెద్దగా తగ్గించదు.

శబ్దం చొరబడని గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి చేసేది అసలు పరీక్ష. ఒక్కో స్థాయి కూతను వినిపిస్తూ, దాన్ని తగ్గించుకుంటూ పోయి, సగం సార్లు మాత్రమే పట్టగలిగే అతి చిన్న శబ్దం ఎన్ని డెసిబెల్సో గుర్తిస్తారు. ఆ అంకెల పటమే ఆడియోగ్రామ్. అందులో ఎడమ నుంచి కుడికి బొంగురు శబ్దం నుంచి కీచు శబ్దం వైపు వెళతాం. పై నుంచి కిందికి వచ్చేకొద్దీ వినికిడి తగ్గినట్టు. ఈయన రెండు చెవులూ దాదాపు ఒకేలా ఉన్నాయి: 500 హెర్ట్జ్ దగ్గర 15 డెసిబెల్స్, 1,000 దగ్గర 20, 2,000 దగ్గర 40, 4,000 దగ్గర 65, 8,000 దగ్గర 55. గీత ఎడమవైపు సమంగా నడిచి, మధ్యలో జారి, 4,000 దగ్గర గుంటలో పడి, చివర కొంచెం లేచింది. ఆ గుంట ఏళ్ల తరబడి మోతలో పనిచేసినవాళ్లలో కనబడే గుర్తు. వయసు వల్ల మాత్రమే తగ్గితే గీత సాధారణంగా చివరిదాకా దిగుతూనే పోతుంది. చెవి వెనక ఎముక మీద కంపించే పరికరం పెట్టి కూడా చూశారు. ఆ దారిన శబ్దం బయటి చెవిని, మధ్య చెవిని దాటేసి నేరుగా లోపలికి వెళుతుంది. అంకెలు అవే వచ్చాయి. కాబట్టి దారిలో అడ్డేమీ లేదు. లోపం లోపలి చెవిదే.

అప్పుడాయన జేబులోంచి మడత కాగితం తీశాడు. “రెండేళ్ల కిందట ఇంకోచోట చేయించాను. నార్మల్ అని రాశారు చూడండి.”

ఆ కాగితం అబద్ధం కాదు. వినికిడిని ఒక్క అంకెలో చెప్పడానికి చాలాచోట్ల 500, 1,000, 2,000 హెర్ట్జ్‌ల సగటు తీస్తారు. ఈయన చెవికి ఆ సగటు 25. పాత కొలమానాల్లో 25 దాకా మామూలు కిందే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలోని కొలమానం 4,000ను కూడా కలుపుకుంటుంది, మామూలు గీతను 20 దగ్గరకు దించింది. ఆ లెక్కన ఇదే చెవి సగటు 35, అంటే మధ్యస్థ లోపం మొదలయ్యే చోటు. చెవి అదే, అంకెలు అవే. గుంట ఉన్న చోటును సగటులో కలపకపోతే అది కనబడదు. సగటు కంటే గీత ఆకారం చూడటం ఎప్పుడూ మేలు. రిపోర్టు ఇచ్చేవాళ్లు రోగికి అంకె ఒక్కటే చెప్పి పంపేయడం ఈ రంగంలో జరిగే చిన్న అన్యాయాల్లో ఒకటి.

కీచు శబ్దాలు పోతే మాటకేమవుతుందో తెలుగులో తేలిగ్గా చూడవచ్చు. మాటలో గట్టిగా వినబడేది అచ్చు. దాని బలం ఎక్కువగా 1,000 హెర్ట్జ్ లోపలే ఉంటుంది. స, త, చ లాంటి హల్లులను ఒకదాన్నుంచి మరొకదాన్ని వేరుచేసే ఆనవాళ్లు ఎక్కువగా 2,000 పైన ఉంటాయి. పైగా అవి చాలా బలహీనం. మామూలు మాటలో అతి గట్టి అచ్చుకు, అతి చిన్న హల్లుకు మధ్య దాదాపు 30 డెసిబెల్స్ తేడా ఉంటుంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మాట మొత్తం చెవిన పడినట్టే ఉంటుంది. కానీ “అత్త వచ్చింది” అన్నారో “అక్క వచ్చింది” అన్నారో చెప్పేది ఆ మధ్యలోని చిన్న చిటుకు. “పప్పు”, “కప్పు”, “తప్పు” మూడింటిలోనూ అచ్చులు ఒకటే. అచ్చులన్నీ అంది, చిటుకులు పోయిన మనిషికి ఎదుటివాళ్లు నోట్లో గొణుగుతున్నట్టే ఉంటుంది. గొణగడమంటే హల్లులు సరిగ్గా పలకకపోవడమే కదా. కూతురి మీద ఆయన ఫిర్యాదుకు మూలం ఇదే.

ఈ సంగతి మాటలతో చెబితే ఆయన నమ్మలేదు. “మీ మాట నాకు పూర్తిగా అర్థమవుతోంది కదమ్మా?” అన్నాడు. నిజమే, అర్థమవుతోంది. ఆమె ఎదురుగా నాలుగడుగుల దూరంలో, వెలుతురులో, నిదానంగా మాట్లాడుతోంది. క్లినిక్కు గది వినికిడి లోపాన్ని దాచేయడానికి అనువైన చోటు. పెదవుల కదలికలోంచి ప, బ, మ లాంటి శబ్దాలను ఆయన తనకు తెలియకుండానే చూసి పట్టుకుంటున్నాడు.

అందుకే రికార్డు చేసిన మాటలతో పరీక్ష పెట్టారు. 25 చిన్న మాటలు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. సౌకర్యంగా ఉండేంత గట్టిగా వినిపిస్తే ఆయన 22 సరిగ్గా చెప్పాడు. ఈ అంకె మంచి వార్త: శబ్దం తగినంత అందితే నాడి, మెదడు దాన్ని అర్థం చేసుకోగలుగుతున్నాయి. మామూలు సంభాషణ స్థాయికి తగ్గించి మరో జాబితా వేస్తే 17. వెనక నలుగురైదుగురు మాట్లాడుకుంటున్న రొద కలిపితే 10. తప్పులను ఆడియాలజిస్టు పక్కనే రాసుకుంది. “పప్పు”ను “కప్పు” అన్నాడు, “చెట్టు”ను “పెట్టు” అన్నాడు, “సీసా” వేస్తే “ఈసా” అనేదేదో వచ్చిందన్నాడు. అచ్చు ఒక్కటీ తప్పలేదు. పోయినవన్నీ హల్లులే.

“అంత గోలలో వేస్తే ఎవరికి వినబడుతుంది?” అన్నాడాయన.

ఈ ప్రశ్న న్యాయమైనదే, దానికి జవాబు కూడా తేలికే. అదే రికార్డు, అదే రొద, అదే స్థాయిలో ఆయన భార్యకు పెట్టారు. ఆమె 21 చెప్పింది. అద్దం అవతల నిలబడి ఆయన వాటిని లెక్కపెట్టాడు. గొంతు ఒకటే, స్పష్టత ఒకటే, మారినది చెవి ఒక్కటే. ఇలాంటి మనిషిని కదిలించేది బతిమాలడమో బెదిరించడమో కాదు, ఈ పోలికే. ప్రతి క్లినిక్కులోనూ దీన్ని ఐదు నిమిషాల్లో చేయవచ్చు, అయినా చేసేవాళ్లు తక్కువ.

రొదలో ఎందుకంత పడిపోయింది? లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. హార్మోనియం మెట్లలా దాని పొడవునా ఒక్కోచోటు ఒక్కో స్థాయి శబ్దానికి. మొదట్లో కీచు శబ్దాలు, లోపలికి వెళ్లేకొద్దీ బొంగురు శబ్దాలు. అక్కడ రెండు రకాల రోమకణాలుంటాయి. ఒక్కో చెవిలో సుమారు 3,500 లోపలి వరస కణాలు శబ్దాన్ని నాడికి అందిస్తాయి. సుమారు 12,000 బయటి వరస కణాలు తాము కదులుతూ చిన్న శబ్దాలను పెంచుతాయి, దగ్గర దగ్గర శబ్దాలను విడదీస్తాయి. మోత ముందు దెబ్బతీసేది ఈ బయటి వరసనే. ఒకసారి చచ్చిన కణం మనుషుల్లో తిరిగి పుట్టదు. అవి పోతే చిన్న శబ్దం అందదు, అందిన శబ్దాలు కూడా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నిశ్శబ్దంలో మొదటి నష్టమే తెలుస్తుంది. రొదలో రెండోది బయటపడుతుంది.

ఆ కణాల వల్లే ఇంకో వింత కూడా వస్తుంది. భార్య ఆయన మీద చెప్పిన పెద్ద ఫిర్యాదు అదే: “మెల్లగా చెబితే ఏమిటంటారు. కాస్త గట్టిగా అంటే, అరవకు, నాకేం చెవుడా అని కసురుకుంటారు.” ఇది కోపిష్టి స్వభావం కాదు. 4,000 హెర్ట్జ్ దగ్గర ఆయనకు శబ్దం వినబడటం మొదలయ్యేదే 65 డెసిబెల్స్‌కు. భరించలేనంత గట్టిగా అనిపించే స్థాయి మాత్రం అందరిలాగే 100 చుట్టుపక్కలే ఉంది. మామూలు చెవికి వినబడీ వినబడని దానికి, భరించలేని దానికి మధ్య 100 డెసిబెల్స్ దాకా చోటుంటే, ఆయనకు అక్కడ మిగిలింది 35. పైగా అరిచినప్పుడు పెరిగేది ఎక్కువగా అచ్చుల బలమే. ఆయనకు ముందే బాగా అందుతున్న భాగం చెవులు దద్దరిల్లేలా పెరుగుతుంది. అందని హల్లులు అక్కడే ఉంటాయి.

అయితే “స్పష్టంగా మాట్లాడితే” అన్న ఆయన షరతుకు శాస్త్రంలో నిజంగానే ఆధారం ఉంది. అమెరికాలోని ఎంఐటీలో పిషెనీ, డర్లక్, బ్రైడా 1985లో ఈ విషయాన్నే కొలిచారు. మామూలుగా చదివిన వాక్యాలతో పోలిస్తే, చెవిటివాళ్లతో మాట్లాడుతున్నట్టు జాగ్రత్తగా పలికిన వాక్యాల్లో, వినికిడి లోపం ఉన్నవాళ్లు సరిగ్గా పట్టిన మాటలు సగటున 17 శాతం పాయింట్లు ఎక్కువ. అలా పలికేటప్పుడు మనిషి వేగం తగ్గిస్తాడు, మాటకూ మాటకూ మధ్య ఆగుతాడు, హల్లులను నొక్కి పలుకుతాడు. ఆడియాలజిస్టు ఇదే చెప్పింది: “మీరన్నది నిజమేనండీ. స్పష్టంగా మాట్లాడితే మీకు మేలే. కానీ రోజంతా అలా ఎవరు మాట్లాడగలరు? మీ గుమాస్తా మాట మీకు తెలియడం ఆయన పలుకుబడి గొప్పదనం కాదు. ఆయన గొంతు మీ చెవిలో ఇంకా బాగున్న భాగంలో పడుతోంది.” ఇంట్లోవాళ్లు రెండు వాక్యాల దాకా జాగ్రత్తపడతారు, మూడో వాక్యానికి మామూలు వేగానికి వచ్చేస్తారు. అలాగని ఆ జాగ్రత్త వృథా కాదు. పేరు పెట్టి పిలిచి, ముఖం ఇటు తిప్పాక విషయం చెప్పడం, అర్థం కాకపోతే అదే మాటను గట్టిగా అనకుండా వేరే మాటల్లో చెప్పడం, కుళాయి కట్టేయడం. ఈ మూడూ ఏ యంత్రం పెట్టుకున్నా అవసరమే.

“చెవిలో మిషను పెట్టుకుంటే ముసలాణ్ణయిపోయానంటారు,” అన్నాడాయన చివరికి. అసలు అడ్డు ఇదేనని తెలిశాక ఆడియాలజిస్టు మిషన్ల గురించి చెప్పలేదు. మీకు బాగుపడాల్సిన సందర్భాలు మూడు చెప్పండి, అంది. ఆస్ట్రేలియాలోని నేషనల్ అకౌస్టిక్ లేబొరేటరీస్‌లో హార్వీ డిల్లన్ బృందం 1997లో ప్రచురించిన పద్ధతి ఇది: యంత్రం పనిచేసిందో లేదో తేల్చేది రోగి ముందే రాయించిన సందర్భాలు. ఆయన రాయించినవి: ఫోనులో కూతురి మాట, టీవీ వార్తలు ఇంట్లోవాళ్లు పెట్టుకున్న వాల్యూములోనే వినడం, పెళ్లి భోజనాల దగ్గర పక్కవాళ్ల మాట. కొనక్కర్లేదు, కొన్ని వారాలు వాడి చూడండి అన్నాక ఒప్పుకున్నాడు.

ఈ రకం లోపానికి సరిపడేది, చెవి వెనక చిన్న యంత్రం, సన్నని తీగ చివర చెవిలో చిన్న స్పీకరు, దానికి గాలి ఆడే మెత్తని సిలికాన్ టోపీ ఉన్నది. బొంగురు శబ్దాలు ఆ సందుల్లోంచి తమంతట తాము లోపలికి వస్తాయి. యంత్రం 2,000 పైన ఉన్నవాటినే పెంచుతుంది. చెవిని పూర్తిగా మూసేస్తే సొంత గొంతు తలలో మోగి, చాలామంది మొదటి రోజే తీసి పెట్టెలో పడేస్తారు. అన్ని శబ్దాలనూ సమంగా పెంచే చవక పరికరాలు ఈ చెవికి పనికిరావు. అవి అచ్చులనే ఇంకా గట్టి చేస్తాయి. మంచి యంత్రం చిన్న శబ్దాలను ఎక్కువగా, పెద్ద శబ్దాలను తక్కువగా పెంచి, ఆ మిగిలిన 35 డెసిబెల్స్ చోటులో మాటను సర్దుతుంది. అది నిజంగా సర్దిందో లేదో తెలియాలంటే చెవిలోకి సన్నని గొట్టం పెట్టి, కర్ణభేరి దగ్గర ఎంత శబ్దం చేరుతోందో కొలవాలి. కంప్యూటరు వేసిన అంచనాతోనే పంపేస్తే చాలాసార్లు కీచు భాగం తక్కువగానే అందుతుంది. కొనేవాళ్లు ఈ కొలత చేస్తారా అని అడగడం, బ్రాండు పేరు అడగడం కంటే ఉపయోగం.

మొదటి వారం ఆయన ఫిర్యాదులు ఊహించినవే. పళ్లేల చప్పుడు గుచ్చుకుంటోంది, పేపరు పేజీ తిప్పితే చిటపటలాడుతోంది. ఏళ్ల తరబడి అందని శబ్దాలు అందితే మెదడు వాటిని పక్కన పెట్టడం మళ్లీ నేర్చుకోవాలి. అందుకు రోజూ కొన్ని గంటలు పెట్టుకోవాలి. పెళ్లిళ్లకు మాత్రమే పెట్టుకునేవాళ్లు సరిగ్గా అతి కష్టమైన చోటే దాన్ని పరీక్షించి, పనికిరాదని తేల్చేస్తారు. కోస్తా ఉక్కకు యంత్రంలోకి చెమట చేరుతుంది కాబట్టి రాత్రి తేమ పీల్చే డబ్బాలో పెట్టమన్నారు. మిల్లులో దాన్ని తీసేయాలి, ఇయర్ ప్లగ్గులు పెట్టుకోవాలి. మన దేశంలో ఫ్యాక్టరీల నిబంధనలు ఎనిమిది గంటలకు 90 డెసిబెల్స్ దాకా అనుమతిస్తాయి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించిన హద్దు 85. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ సురక్షితమైన సమయం సగమవుతుంది. కొలిచే పరికరం లేనివాళ్లకు ఒక గుర్తు: చేతికందే దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే ఆ చోటు సుమారు 85 దాటినట్టే. మిగిలి ఉన్న రోమకణాలను కాపాడేది ప్లగ్గులు. వినికిడి యంత్రం ఆ పని చేయదు.

నాలుగు వారాల తర్వాత ఆ మూడు సందర్భాల కాగితం బయటికి తీశారు. ఫోను “చాలా మెరుగు”. యంత్రం కూతురి గొంతును నేరుగా రెండు చెవుల్లోకీ పంపుతోంది. టీవీ “మెరుగు”. పెళ్లి భోజనాలు “కొంచెం మెరుగు”. ఎదురుగా ఉన్నవాళ్ల మాటను ఎక్కువగా తీసుకునే మైకులు కొంత సాయపడతాయి, కానీ చెవి పోగొట్టుకున్న విడదీసే శక్తిని యంత్రం తెచ్చివ్వలేదు. ఆ సందర్భానికి పక్కవాళ్ల చొక్కాకు తగిలించే చిన్న మైకును చూపించారు. అది మాటను నోటి దగ్గరే పట్టి యంత్రానికి పంపుతుంది. ఆయన దాన్ని వద్దన్నాడు, మిగతా రెండింటికోసం యంత్రాలు ఉంచుకుంటానన్నాడు. ఆడియోగ్రామ్ ఏడాదికోసారి తీయాలని, 4,000 దగ్గరి గుంట 2,000 వైపు వెడల్పయితే యంత్రం అమరిక మార్చాలని ఆయన కార్డు మీద రాశారు.